పెట్టీ క్యాష్ లెక్క సరిచూసి ఫ్లోట్ నింపడం: తరచుగా అడిగే ప్రశ్నలు

చీమకుర్తి, ఒంగోలు వైపు గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ల ఆఫీసుల్లో చిల్లర ఖర్చుల డబ్బా చూసుకునేవాళ్లు మమ్మల్ని అడిగే ప్రశ్నలివి. అన్నిటికీ ఒకే ఉదాహరణ తీసుకుంటున్నాం. ఆ ఆఫీసులో ఫ్లోట్ ₹15,000. టీలు, హమాలీ, ఆటో, కొరియర్, మంచినీళ్ల క్యాన్లు, జిరాక్స్, డ్రైవర్ బత్తా అన్నీ అందులోంచే పోతాయి. లెక్క ఊహించి రాసిందే అయినా, అందులో వచ్చిన తేడాలు మాత్రం ఏ ఆఫీసులోనైనా వచ్చేవే.

ఫ్లోట్ అంటే డబ్బాలో ఉన్న డబ్బేనా?

కాదు. ఫ్లోట్ అంటే యాజమాన్యం క్యాషియర్‌కు అప్పగించిన స్థిరమైన మొత్తం. ఆ ₹15,000 ఎప్పుడు చూసినా డబ్బాలోనే ఉండాలి, కానీ అంతా నోట్ల రూపంలో ఉండదు. కొంత నగదుగా, కొంత చెల్లించేసిన వోచర్లుగా, కొంత ఎవరికో ఇచ్చిన అడ్వాన్స్ చీటీలుగా ఉంటుంది. ఈ మూడూ కలిపితే ఏ రోజైనా, ఏ గంటలోనైనా ₹15,000 రావాలి. రాలేదంటే తేడా ఉన్నట్టే. లెక్క సరిచూడటమంటే ఈ ఒక్క కూడికను రుజువు చేయడమే. మిగతాదంతా ఆ కూడిక ఎక్కడ తప్పిందో వెతకడానికే.

ముందు వోచర్లు కూడాలా, నగదు లెక్కపెట్టాలా?

ముందు నగదు. ఈ విషయంలో మేం గట్టిగా ఉంటాం. వోచర్లు ముందు కూడేస్తే డబ్బాలో ఎంత ఉండాలో తెలిసిపోతుంది. ఆ అంకె మనసులో పెట్టుకుని నోట్లు లెక్కపెడితే, తక్కువ వచ్చినప్పుడు మళ్లీ లెక్కపెడతాం, సరిపోయినప్పుడు ఆపేస్తాం. అంటే మనకు కావలసిన జవాబు వచ్చేదాకే లెక్కపెడుతున్నాం. పైగా ఆ మొదటి లెక్కే తప్పయి ఉండొచ్చు కదా.

అందుకని ముందు చెల్లింపులు ఆపండి. "చివరి వోచర్ నంబరు 60" అని కాగితం మీద రాసుకోండి. ఆ తర్వాత ఎవరు డబ్బు అడిగినా లెక్క అయ్యాకే. అప్పుడు ఇంకొకరిని పక్కన కూర్చోబెట్టుకుని నోట్లు, చిల్లర విడివిడిగా లెక్కపెట్టి, ఏ నోట్లు ఎన్నో రాసి, ఇద్దరూ సంతకం చేయండి. డబ్బా తాళం వేశాకే వోచర్లు తీయండి.

మన ఉదాహరణలో నగదు ఇలా వచ్చింది: ఐదొందల నోట్లు 4, రెండొందలవి 3, వందలు 7, యాభైలు 4, ఇరవైలు 6, పదులు 5, నాణేలు ₹23. మొత్తం ₹3,693. ఒక్క మొత్తం అంకె రాసి వదిలేయకుండా నోట్ల వివరం రాయడం ఎందుకంటే, తర్వాత తేడా వచ్చినప్పుడు "యాభై నోటును ఇరవై అనుకున్నామేమో" అన్న అనుమానం తీర్చుకోవడానికి అదొక్కటే ఆధారం.

వోచర్ల జాబితాలో ఏం చూడాలి? మొత్తం కూడితే చాలదా?

చాలదు. ఒక ఖర్చు మూడు చోట్ల కనిపిస్తుంది: షాపువాడిచ్చిన బిల్లు, దాని మీద మనం రాసిన వోచర్, ఆ వోచర్‌ను ఎక్కించిన జాబితా. మూడింట్లోనూ అంకె ఒకటే ఉండాలి. కూడిక సరిగ్గా ఉండి, కూడిన అంకె తప్పుగా ఉంటే ఎన్నిసార్లు కూడినా ఆ తప్పు బయటపడదు. వోచర్‌ను ఎడమచేత్తో, జాబితాను కుడిచేత్తో పట్టుకుని ఒక్కొక్కదానికి టిక్ పెట్టుకుంటూ వెళ్లడమే దారి.

తర్వాత నంబర్ల వరస. 41 నుంచి 60 దాకా అంటే ఇరవై వోచర్లు ఉండాలి. రద్దు చేసిన వోచర్ కూడా చించేయకుండా "రద్దు" అని రాసి ఆ వరసలోనే ఉంచాలి. నంబరు మధ్యలో పోయిందంటే కాగితమైనా పోయి ఉండాలి, ఎక్కించడమైనా మర్చిపోయి ఉండాలి.

బిల్లుల విషయంలో ఒక జాగ్రత్త. కాటా చీటీలు, పెట్రోలు బంకు బిల్లులు చాలావరకు థర్మల్ కాగితం మీద వస్తాయి. మన ఎండలకు లారీ డాష్‌బోర్డు మీద రెండు రోజులుంటే నల్లబడిపోతాయి, సొరుగులో ఉంటే నెలల్లో అక్షరాలు వెలిసిపోతాయి. బిల్లు చేతికొచ్చిన రోజే జిరాక్స్ తీసి, అసలుతో కలిపి వోచర్‌కు పిన్ను చేయండి. ఆడిటర్ వచ్చేసరికి తెల్లకాగితం మిగిలితే ఆ ఖర్చుకు మన మాట తప్ప సాక్ష్యం ఉండదు.

డ్రైవర్‌కు ఇచ్చిన అడ్వాన్స్‌ను వోచర్‌గా వేసేయొచ్చా?

వద్దు. మన ఉదాహరణలో కృష్ణపట్నం పోర్టుకు స్లాబుల లోడు తీసుకెళ్లే డ్రైవర్‌కు కాటా ఖర్చులకూ, బత్తాకూ కలిపి ₹1,000 ఇచ్చారు. అతను ఇంకా తిరిగి రాలేదు. ఎంత ఖర్చయిందో ఎవరికీ తెలియదు. ఇప్పుడే ₹1,000 ఖర్చు వోచర్ రాసేస్తే, రేపు అతను ₹140 వెనక్కిస్తే ఆ డబ్బుకు లెక్కలో చోటే ఉండదు. అలా చోటులేని డబ్బు ఏ జేబులోకి పోయినా అడిగేవాళ్లుండరు.

అడ్వాన్స్ చీటీ విడిగా ఉంచాలి. దాని మీద పేరు, తేదీ, మొత్తం, పని, తీసుకున్నవాళ్ల సంతకం ఉండాలి. సరిచూసేటప్పుడు అది నగదుకు బదులుగా నిలుస్తుంది, ఖర్చుల జాబితాలోకి రాదు. ఒక్క షరతు: చీటీ పాతబడకూడదు. రెండుసార్లు ఫ్లోట్ నింపినా అదే చీటీ డబ్బాలో కనిపిస్తోందంటే అది అడ్వాన్స్ కాదు, చేబదులు. మేనేజర్ గారికి చెప్పి వసూలు చేయించాల్సిందే.

లెక్క చూస్తే తేడా వచ్చింది. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఉదాహరణ చూద్దాం. జాబితా మొత్తం ₹9,880 అని ఉంది. అడ్వాన్స్ చీటీ ₹1,000. పదిహేను వేలలోంచి ఈ రెండూ తీసేస్తే డబ్బాలో ₹4,120 ఉండాలి. ఉన్నది ₹3,693. తక్కువ ₹427.

టెన్షన్ పడాల్సిన పని లేదు. దొంగతనమేమో అన్న ఆలోచన చిట్టచివర రావాలి. ముందు జాబితా మొత్తాన్ని పైనుంచి కిందికి ఒకసారి, కింది నుంచి పైకి ఒకసారి కూడండి. ఇక్కడ కూడిక సరిపోయింది. తర్వాత నంబర్ల వరస చూస్తే 51 తర్వాత 53 ఉంది. 52 జాబితాలో లేదు. వోచర్ల కట్ట విప్పి చూస్తే అది కనబడింది. మంచినీళ్ల క్యాన్లకు ₹300 ఇచ్చిన వోచర్, 51వ నంబరు కొరియర్ బిల్లు వెనకాల అదే పిన్నుకు గుచ్చుకుని ఉంది. పైనుంచి చూసినవాళ్లకు రెండూ ఒకటే కాగితంలా కనిపిస్తాయి. డబ్బు ఇచ్చారు, వోచర్ రాశారు, జాబితాలోకి మాత్రం ఎక్కలేదు. దాంతో తక్కువ ₹127కు దిగింది.

ఇప్పుడు టిక్ పెట్టుకుంటూ వెళ్తే 47వ వోచర్ దగ్గర ఆగాం. స్లాబులు దించిన హమాలీ ₹540. జాబితాలో ₹450 అని పడింది. అంకెలు తారుమారయ్యాయి. అక్కడ ₹90 తేడా. ఇప్పుడు తక్కువ ₹37.

తేడా తొమ్మిదితో భాగించబడితే అంకెలు తారుమారైనట్టేనా?

అలా అయ్యే అవకాశం ఎక్కువ. పక్కపక్క అంకెలు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిదితో భాగించబడుతుంది. 540కి, 450కి మధ్య ఉన్న 90 అలాంటిదే. ఒక సున్నా తగ్గించి రాసినా అంతే: ₹600 బదులు ₹60 పడితే తేడా 540, అదీ తొమ్మిది గుణిజమే.

కానీ ఈ సూత్రం ఒక్క తప్పు ఉన్నప్పుడే పనిచేస్తుంది. మన ఉదాహరణలో మొదటి తేడా 427, తర్వాత మిగిలింది 127. రెండూ తొమ్మిదితో భాగించబడవు. ఎందుకంటే ఆ 127లో ₹90తో పాటు ఇంకో ₹37 కలిసి ఉంది. "భాగించబడలేదు కాబట్టి తారుమారు లేదు" అని వదిలేసి ఉంటే 47వ వోచర్ అలాగే ఉండిపోయేది. ఈ సూత్రాన్ని నమ్ముకుని టిక్ పెట్టడం మానేయకండి.

మిగిలిన ₹37 ఎంత వెతికినా దొరకలేదు. నా జేబులోంచి వేసేయనా?

వేయకండి. చాలామంది వేస్తారు, మంచి ఉద్దేశంతోనే వేస్తారు. "ముప్పై ఏడు రూపాయల కోసం సార్ దగ్గర మాటెందుకు" అనుకుంటారు. కానీ వచ్చే వారం ఇంకో మర్చిపోయిన బిల్లు దొరికితే, ఆ డబ్బు డబ్బాలో ఎక్కువగా తేలుతుంది. అది మీ డబ్బేనని చెప్పడానికి మీ దగ్గర కాగితం ఉండదు. ఆ ₹427 తేడా కనబడ్డ రోజే జేబులోంచి వేసేసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. 52వ వోచర్ గురించి, 47వ వోచర్ గురించి ఎవరూ వెతికేవాళ్లు కాదు. ఆఫీసు ఖర్చు ₹390 క్యాషియర్ జీతంలోంచి పోయినట్టయ్యేది.

దీనికి ఎదురు పద్ధతి ఇంకా చెడ్డది. టీల వోచర్‌ను ₹37 పెంచి సరిచేయడం. అలా చేస్తే తేడా కనిపించదు, కానీ ఆ రోజు నుంచి మీ వోచర్లు ఏవీ నమ్మదగ్గవి కావు.

చేయాల్సింది సూటిగా ఉంటుంది. "నగదు తేడా" అనే ఖాతా పేరుతో ₹37కు ఒక వోచర్ రాయండి. ఏం వెతికారో ఒక్క వాక్యంలో రాయండి. మేనేజర్ గారి సంతకం తీసుకోండి. ఎంతవరకు ఇలా ఒప్పుకోవాలో, ఎంత దాటితే విచారించాలో యాజమాన్యం ముందే చెప్పి ఉంచితే క్యాషియర్‌కు భయం ఉండదు. ఒక్కసారి వచ్చిన ₹37 కంటే, ప్రతిసారీ తక్కువే వస్తుండటం ఆలోచించాల్సిన విషయం. చిల్లర పొరపాట్లయితే ఒకసారి తక్కువ, ఒకసారి ఎక్కువ వస్తాయి. ఎప్పుడూ ఒకే వైపు వస్తుంటే కారణం వేరే ఉంటుంది.

ఇంతకీ బ్యాంకు నుంచి ఎంత తీయాలి?

రెండు దారుల్లో లెక్క వేయండి. రెండూ ఒకే జవాబు ఇవ్వాలి.

మొదటిది, ఉండాల్సిన దాంట్లోంచి ఉన్నది తీసేయడం. ₹15,000లోంచి నగదు ₹3,693, అడ్వాన్స్ చీటీ ₹1,000 తీసేస్తే ₹10,307. రెండోది, అయిన ఖర్చు కూడటం. జాబితా ₹9,880కి 52వ వోచర్ ₹300, 47వ దాని తేడా ₹90 కలిపితే ₹10,270. దానికి నగదు తేడా ₹37 కలిపితే మళ్లీ ₹10,307.

| వివరం | రూ. |
|---|---|
| సరిచేసిన వోచర్ల మొత్తం | 10,270 |
| చేతిలో నగదు | 3,693 |
| అడ్వాన్స్ చీటీ | 1,000 |
| నగదు తక్కువ | 37 |
| ఫ్లోట్ | 15,000 |
| నింపాల్సింది (10,270 + 37) | 10,307 |

చెక్కు ₹10,307కే రాయాలి. డబ్బు తెచ్చి డబ్బాలో వేశాక ₹14,000 నగదు, ₹1,000 చీటీ ఉంటాయి. నగదు పదిహేను వేలు లేదని కంగారు పడకండి. ఆ వెయ్యి డ్రైవర్ దగ్గరుంది.

రౌండుగా పదివేలు తీస్తే తప్పేంటి?

ఒకసారికి ఏమీ కాదు, కానీ ₹307 బాకీ ఉందని ఎక్కడో రాసి ఉండాలి. చాలాచోట్ల రాయరు. వచ్చేసారి ఇంకో రౌండు ఫిగర్, ఆ వచ్చేసారి ఇంకోటి. మూడు నెలలు పోయాక డబ్బాలో ఎంత ఉండాలో చెప్పగలిగేవాళ్లు ఆఫీసులో ఒక్కరూ ఉండరు. ఫ్లోట్ పద్ధతికి ఉన్న బలమంతా ఆ ₹15,000 మారకపోవడంలోనే ఉంది. సెల్ఫ్ చెక్కుకు ₹10,307 ఇవ్వమంటే బ్యాంకువాళ్లు ఇస్తారు. విత్‌డ్రా చేసేటప్పుడే వందలు, యాభైలు, పదులు కావాలని అడిగి తెచ్చుకుంటే చిల్లర ఇబ్బందీ తగ్గుతుంది.

లెక్క పూర్తయ్యేలోపే డ్రైవర్ తిరిగొచ్చాడు. ఇప్పుడేం చేయాలి?

చెక్కు ఇంకా రాయలేదు కాబట్టి అతని లెక్క కూడా కలిపేయొచ్చు. కాటా చీటీలు, బత్తా కలిపి ₹860 ఖర్చు చూపించి ₹140 వెనక్కిచ్చాడనుకోండి. అడ్వాన్స్ చీటీ రద్దు చేసి, ₹860కి 61వ వోచర్ రాసి, ₹140 డబ్బాలో వేయండి. ఇప్పుడు నగదు ₹3,833, వోచర్లు ₹11,130, తేడా అదే ₹37. నింపాల్సింది ₹11,167. నగదు తేడా మారలేదని గమనించండి. చీటీ ఖర్చుగా మారడం వల్ల తేడా మారితే, ఆ మార్పులోనే ఏదో తప్పు చేసినట్టు.

చెక్కు రాసేశాక వస్తే మాత్రం కదిలించకండి. 61వ వోచర్ వచ్చే విడతలోకి పోతుంది.

నగదు ఎక్కువొచ్చింది. సంతోషించాలా?

తక్కువొచ్చినప్పుడు ఎంత వెతుకుతామో ఇప్పుడూ అంతే వెతకాలి. ఈమధ్య ఎక్కువ రావడానికి మేం తరచుగా చూస్తున్న కారణం యూపీఐ. కొరియర్‌వాడికి యజమాని తన ఫోన్లోంచి కంపెనీ కరెంట్ అకౌంటు ద్వారా ₹450 పంపేశారు. బిల్లు మాత్రం ఆఫీసు బల్ల మీదికొచ్చింది. క్యాషియర్ అలవాటుగా వోచర్ రాసి డబ్బాలో పెట్టేసింది. డబ్బాలోంచి డబ్బు పోలేదు, వోచర్ మాత్రం వచ్చింది. కాబట్టి లెక్కలో ₹450 ఎక్కువ. ఆ ఖర్చు బ్యాంకు పుస్తకంలో ఒకసారి, పెట్టీ క్యాష్‌లో ఒకసారి, రెండుసార్లు ఎక్కుతుంది.

వోచర్ల మొత్తం చూసే చెక్కు రాసే ఆఫీసుల్లో ఇది దొరకదు. డబ్బా నిశ్శబ్దంగా ₹15,450 అయిపోతుంది. నగదు లెక్కపెట్టి రాసేచోటే దొరుకుతుంది. బిల్లు చేతికి రాగానే "సార్, దీనికి డబ్బు ఫోన్లో పంపారా, నన్ను ఇవ్వమంటారా?" అని అడగడం అలవాటు చేసుకుంటే సగం ఎక్కువలు రావు.

క్యాషియర్ సొంత ఫోన్లోంచి పంపి డబ్బాలోంచి తీసుకుంటే అది మామూలు చెల్లింపే. వోచర్‌కు యూపీఐ రసీదు జతచేసి, నగదు ఎవరు తీసుకున్నారో రాయాలి. పంపి, డబ్బాలోంచి తీసుకోవడం మర్చిపోతే అప్పుడూ ఎక్కువే కనిపిస్తుంది.

టాలీలో ఎలా ఎక్కించాలి? ఖర్చు రెండుసార్లు పడుతోంది.

రెండు పద్ధతులు కలిపేయడం వల్లే అలా పడుతుంది. ఒక పద్ధతిలో ప్రతి వోచర్‌నూ `F5` పేమెంట్‌గా పెట్టీ క్యాష్ లెడ్జర్ నుంచి ఖర్చు ఖాతాకు ఎక్కిస్తారు. డ్రైవర్‌కు ఇచ్చిన వెయ్యిని అతని అడ్వాన్స్ ఖాతాకు, ₹37ను నగదు తేడా ఖాతాకు ఎక్కిస్తే లెడ్జర్‌లో ₹3,693 కనిపించాలి, అంటే చేతిలో లెక్కపెట్టిన అంకె. అప్పుడు బ్యాంకు నుంచి తెచ్చిన ₹10,307 `F4` కాంట్రా మాత్రమే. ఖర్చు మళ్లీ రాయకూడదు.

ఇంకో పద్ధతిలో వోచర్లను రోజూ ఎక్కించరు. నింపే రోజు ఖర్చులన్నీ ఖాతాలవారీగా డెబిట్ చేసి నేరుగా బ్యాంకును క్రెడిట్ చేస్తారు. ఇందులో పెట్టీ క్యాష్ లెడ్జర్ ₹15,000 దగ్గర కదలకుండా ఉంటుంది. రోజూ ఎక్కించి, నింపే రోజు మళ్లీ ఖర్చులకు డెబిట్ చేస్తే ఖర్చు రెట్టింపు. చిన్న ఆఫీసుకు మొదటి పద్ధతే మేలంటాం, ఎందుకంటే స్క్రీన్ మీది నిల్వను డబ్బాతో ఎప్పుడైనా పోల్చి చూసుకోవచ్చు.

జీఎస్టీ ఉన్న బిల్లయితే నింపే మొత్తంలో పన్ను తీసేయాలా?

తీయకూడదు. డబ్బాలోంచి పన్నుతో సహా పోయింది, పన్నుతో సహా తిరిగి రావాలి. ఇన్‌పుట్ క్రెడిట్ వచ్చే బిల్లయితే పుస్తకాల్లో ఆ భాగాన్ని విడదీస్తారు, అంతే.

నగదుగా ఎంతవరకు ఇవ్వొచ్చు?

పెట్టీ క్యాష్‌లో ఒక్క చెల్లింపుకు యాజమాన్యం పెట్టిన హద్దు ఎలాగూ ఉంటుంది. అది కాక, ఒకరికి ఒకే రోజులో ₹10,000 దాటి నగదు ఇస్తే ఆ ఖర్చును ఆదాయపు పన్ను లెక్కలో ఒప్పుకోరు. లారీ కిరాయిలకు ఆ హద్దు ₹35,000. బిల్లును రెండు ముక్కలు చేసి ఒకే రోజు ఇచ్చినా కలిపే చూస్తారు. ₹5,000 దాటిన నగదుకు తీసుకునే రసీదు మీద రూపాయి రెవెన్యూ స్టాంపు ఉండాలి.

మార్చి 31న డబ్బాలో ఇంకా డబ్బుంది. నింపకుండా ఆగొచ్చా?

డబ్బు తేకపోయినా ఫరవాలేదు, వోచర్లను మాత్రం ఆ రోజుకు ఎక్కించేయాలి. ముఖ్యంగా రెండో పద్ధతి వాడేవాళ్లు. లేకపోతే మార్చి ఖర్చులు ఏప్రిల్లో నింపినప్పుడు కొత్త సంవత్సరంలో పడతాయి, మార్చి 31 నాటి బ్యాలెన్స్ షీట్లో నగదు ₹15,000 అని ఉంటుంది, డబ్బాలో ఉన్నది మాత్రం మూడు వేల చిల్లర. ఆ రోజు సాయంత్రం నోట్ల వివరం కాగితం రాసి సంతకాలు పెట్టి ఉంచండి. ఆడిటర్ మొదట అడిగేది అదే.

నింపేశాక పాత వోచర్లు ఏం చేయాలి?

ప్రతి వోచర్ మీదా, దాని వెనక బిల్లు మీదా "పెయిడ్" స్టాంపు వేసి, చెక్కు నంబరు రాయండి. బిల్లు మీద స్టాంపు లేకపోతే అదే బిల్లు ఇంకో వోచర్‌కు గుచ్చుకుని మళ్లీ రావచ్చు. ఈ విడత వోచర్లన్నీ జాబితాతో, నోట్ల వివరంతో కలిపి ఒకే కట్టగా కట్టండి.

నేను వారం సెలవు పెడుతున్నాను. డబ్బా తాళం ఇచ్చేసి వెళ్లొచ్చా?

ఉట్టి తాళం ఇవ్వకండి. తీసుకునేవాళ్ల ముందే పైన చెప్పిన లెక్కంతా చేసి, నగదు ఇంత, వోచర్లు ఫలానా నంబరు దాకా, చీటీలు ఇన్ని అని రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. తిరిగొచ్చిన రోజు తాళం చేతిలోకి తీసుకునే ముందు మళ్లీ అదే చేయండి. మధ్యలో తేడా వస్తే అది ఎవరి రోజుల్లో వచ్చిందో ఆ రెండు కాగితాలే చెబుతాయి.